పొలం చివర మోటారుకు వోల్టేజ్ ఎందుకు అందదు, 11 కేవీ లైను తెస్తే ఏం మారుతుంది

ప్రశ్న: మా పొలాలు ట్రాన్స్‌ఫార్మర్‌కి కిలోమీటరు దూరం. ఆరు మోటార్లు, అన్నీ 5 హెచ్‌పీ. అన్నీ నడిచేటప్పుడు వోల్టేజ్ 350 దాటడం లేదు. 100 కేవీఏ తీసేసి ఇంకా పెద్దది పెట్టమని అడుగుతున్నాం. కరెంటు ఆఫీసు వాళ్లేమో 11 కేవీ లైనే పొలం దాకా తెస్తే నష్టం తగ్గుతుందంటున్నారు. ఓమ్ సూత్రం ప్రకారం వోల్టేజ్ పెరిగితే కరెంటూ నష్టమూ పెరగాలి కదా? చుట్ల నిష్పత్తి అసలు ఏం చేస్తుంది?

జవాబు:

పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా మీ మోటార్ల దగ్గర రెండు మూడు వోల్టులకు మించి పెరగదు. వాళ్లు చెప్పిందే సరైనది. మీ ఓమ్ సూత్రం కూడా తప్పు కాదు. కాకపోతే అందులో V అని ఏ వోల్టేజ్‌ని పెట్టాలో అక్కడే చాలామంది తడబడతారు. ముందు మీ లైను లెక్కే చేద్దాం, సందేహం అందులోనే తీరుతుంది.

5 హెచ్‌పీ మోటారు పూర్తి లోడు మీద 415 వోల్టుల దగ్గర సుమారు 8 ఆంపియర్లు తీసుకుంటుంది. లైను నుంచి లాగే పవర్ దాదాపు 4.6 కిలోవాట్లు. ఆరు మోటార్లకు 48 ఆంపియర్లు, 27.6 కిలోవాట్లు. పల్లెల్లో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మోటార్ల దాకా వచ్చే తక్కువ వోల్టేజ్ లైనుకు, అంటే ఎల్‌టీ లైనుకు, ఎక్కువగా వాడే సన్న అల్యూమినియం తీగ, వీసెల్ అంటారు, కిలోమీటరుకు 0.9 ఓమ్ ఉంటుంది. తీగలో వేడిగా పోయే పవర్ కరెంటు వర్గాన్ని రెసిస్టెన్స్‌తో గుణిస్తే వస్తుంది. మూడు ఫేజులకు మూడు తీగలు కాబట్టి

3 × 48² × 0.9 = 6,220 వాట్లు

అంటే మోటార్లకు 27.6 కిలోవాట్లు చేరాలంటే దారిలో 6.2 కిలోవాట్లు తీగలు వేడెక్కడానికే పోతున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ పంపిన దానిలో సుమారు 18 శాతం.

ఇప్పుడు వోల్టేజ్ చూడండి. ఒక్కో తీగ రెసిస్టెన్స్ మీద 48 × 0.9, అంటే 43 వోల్టులు పడిపోతాయి. తీగ ఇండక్టెన్స్, మోటార్ల పవర్ ఫ్యాక్టర్ కూడా కలిపి లెక్కేస్తే చివర్లో తగ్గేది ఫేజుకు 45 దాకా వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫేజుకు న్యూట్రల్‌కు మధ్య 250, అంటే ఫేజు ఫేజు మధ్య 433 ఉంటే మీ దగ్గరికి 205 చేరుతుంది. ఫేజు ఫేజు మధ్య కొలిస్తే 355. మీరు చెప్పిన 350కి ఇది దగ్గరగానే ఉంది.

మీ సందేహానికి జవాబు ఈ 43 వోల్టుల్లోనే ఉంది. నష్టానికి V²/R వాడుకోవచ్చు, కానీ ఆ V తీగ ఈ కొసకూ ఆ కొసకూ మధ్య ఉన్న తేడా. లైను వోల్టేజ్ కాదు. 43.2 వర్గాన్ని 0.9తో భాగించండి, 2,074 వాట్లు వస్తాయి. మూడు తీగలకు మళ్లీ అదే 6,220. 433 వోల్టులైనా 11,000 వోల్టులైనా తీగ మొత్తం పొడవు మీద పడవు, మోటారు మీదో ట్రాన్స్‌ఫార్మర్ మీదో పడతాయి. తీగ మీద పడేది కరెంటును బట్టి మాత్రమే ఉంటుంది. ఆ కరెంటు ఎంతో తేల్చేది లోడు. బావిలోంచి నీళ్లు తోడడానికి ఇంత పవర్ కావాలి. లైను వోల్టేజ్ పెంచి పంపితే అదే పవర్‌కు తక్కువ కరెంటు చాలు.

మరి వోల్టేజ్ పెంచినా కరెంటు తగ్గేలా చేసేది ఏది? అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ వస్తుంది. ఇది ఓమ్ సూత్రంతో నడిచే వస్తువు కాదు. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌లో 11 కేవీ వైపు చుట్టిన తీగ రెసిస్టెన్స్ ఫేజుకు సుమారు 30 ఓమ్‌లు ఉంటుంది. ఒట్టి ఓమ్ సూత్రమే పనిచేస్తే 11,000 వోల్టులకు 350 ఆంపియర్లకు పైగా పారి క్షణాల్లో కాలిపోవాలి. కానీ లోడు లేనప్పుడు అది తీసుకునేది ఆంపియరులో పదో వంతు లాంటి కరెంటు. ఎందుకంటే ఆ కొద్ది కరెంటు ఇనుప కోర్‌లో అయస్కాంత ప్రవాహాన్ని పుట్టిస్తుంది. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారే ఆ ప్రవాహం ప్రతి చుట్టులోనూ వోల్టేజ్‌ని పుట్టిస్తుంది. ప్రైమరీలో, అంటే సప్లై వచ్చే 11 కేవీ వైపు చుట్టలో, అది వచ్చే వోల్టేజ్‌కి ఎదురు నిలబడుతుంది. అందుకే ట్రాన్స్‌ఫార్మర్‌కి డీసీ ఇస్తే కాలిపోతుంది, అక్కడ ప్రవాహం మారదు కాబట్టి ఎదురు నిలిచేది ఏదీ ఉండదు.

ఒకే కోర్, ఒకే ప్రవాహం. కాబట్టి ఏ వైపు చూసినా ఒక్కో చుట్టులో పుట్టే వోల్టేజ్ ఒకటే. మీ సైజు ట్రాన్స్‌ఫార్మర్‌లో అది చుట్టుకు 4 వోల్టుల దగ్గర ఉంటుందనుకుందాం. ఎల్‌టీ వైపు ఫేజుకు 250 వోల్టులు కావాలంటే 62 చుట్లు చుట్టాలి. ఎక్కువ వోల్టేజ్ ఉన్న హెచ్‌టీ వైపు 11,000 వోల్టులు నిలబడాలంటే 2,728 చుట్లు. నిష్పత్తి 44.

11,000ని 433తో భాగిస్తే 25.4 వస్తుంది కదా, ఈ 44 ఎక్కడిది అని అడుగుతారేమో. హెచ్‌టీ వైపు మూడు చుట్టలూ డెల్టాలో కలిపి ఉంటాయి, ఒక్కో చుట్ట మీద రెండు ఫేజుల మధ్య ఉన్న 11,000 మొత్తం పడుతుంది. ఎల్‌టీ వైపు స్టార్, న్యూట్రల్ బయటికి తీయాలి కాబట్టి. అక్కడ ఒక్కో చుట్ట మీద పడేది 433ని 1.732తో భాగించిన 250 మాత్రమే. అందుకే చుట్లు 44 రెట్లు, లైను వోల్టేజ్ 25.4 రెట్లు. నేమ్‌ప్లేట్ చూసి చుట్లు లెక్కకట్టే కుర్రాళ్లు తరచూ ఇక్కడే పొరబడతారు. చివర్లో చెప్పబోయే ఒక ఫాల్టు అర్థం కావాలన్నా ఈ డెల్టా గుర్తుండాలి.

కరెంటుది దీనికి తలకిందుల లెక్క. ఎల్‌టీ వైపు లోడు పడి కరెంటు పారితే అది కోర్‌లోని ప్రవాహాన్ని తగ్గించబోతుంది. దాన్ని సరిచేసే మేరకు హెచ్‌టీ వైపు కరెంటు పెరుగుతుంది. రెండు వైపులా చుట్లను కరెంటుతో గుణిస్తే సమానం కావాలి. 100 కేవీఏ పూర్తి లోడులో ఎల్‌టీ కరెంటు 133 ఆంపియర్లు, లైన్‌మన్లందరికీ నోటికి వచ్చిన అంకె. 62 × 133.3 చేస్తే 8,265. హెచ్‌టీ చుట్టలో పారేది 3.03 ఆంపియర్లు, 2,728తో గుణించండి, మళ్లీ 8,265. బయట 11 కేవీ లైను తీగలో అది 5.25 ఆంపియర్లు. 433 వోల్టుల దగ్గర 133, 11 కేవీ దగ్గర 5.25, రెండు చోట్లా 100 కేవీఏయే. పవర్‌ని ట్రాన్స్‌ఫార్మర్ పెంచదు, రూపం మారుస్తుంది.

ఇక మీ పొలానికి వద్దాం. అవే స్తంభాల మీద అదే తీగలో 11 కేవీ పంపి, మోటార్ల పక్కనే ట్రాన్స్‌ఫార్మర్ పెడితే ఆరు మోటార్లకు కావలసిన 35 కేవీఏకి, అంటే 27.6 కిలోవాట్లను పవర్ ఫ్యాక్టర్ 0.8తో భాగిస్తే వచ్చేదానికి, తీగలో పారేది 1.83 ఆంపియర్లు. నష్టం 3 × 1.83² × 0.9, అంటే 9 వాట్లు. 6,220 వాట్లు కాస్తా 9 అయ్యాయి. వోల్టేజ్ 25 రెట్లు పెరిగితే కరెంటు 25 రెట్లు తగ్గుతుంది, నష్టం 25ని 25తో గుణించినన్ని రెట్లు, అంటే 600 రెట్లకు పైగా తగ్గుతుంది. తీగ మార్చలేదు, దూరం మారలేదు.

అయితే ఇది పూర్తి లెక్క కాదు. ట్రాన్స్‌ఫార్మర్‌కి తన నష్టాలు ఉన్నాయి, అవి రెండు రకాలు. చుట్లలో కరెంటు వల్ల వచ్చే కాపర్ లాస్ లోడుతో పెరుగుతుంది, సగం లోడులో నాలుగో వంతే. కోర్‌లో వచ్చే ఐరన్ లాస్ అలా కాదు. ఇనుము సెకనుకు 50 సార్లు అయస్కాంతంగా మారి తిరగబడుతూ ఉండడం వల్ల, కోర్ రేకుల్లో చిన్న చిన్న సుడి కరెంట్లు తిరగడం వల్ల అది వస్తుంది. మోటారు నడిచినా నడవకపోయినా, 11 కేవీ సప్లై ఉన్నంతసేపూ అది పోతూనే ఉంటుంది. పాత ఐఎస్ఐ ప్రమాణంలో 25 కేవీఏకి ఐరన్ లాస్ 100 వాట్లు, పూర్తి లోడులో కాపర్ లాస్ 685 వాట్లు. 100 కేవీఏకి 260, 1,760. ఇప్పుడొచ్చే స్టార్ రేటింగ్ ట్రాన్స్‌ఫార్మర్లకు ఇంతకన్నా తక్కువే.

మీకు రెండు 25 కేవీఏలు పెట్టి ఒక్కోదానికి మూడు మోటార్లు కలిపారనుకోండి. హెచ్‌టీ సప్లై 24 గంటలు ఉందని, మోటార్లు రోజుకు 7 గంటలు నడుస్తాయని తీసుకుంటే ఐరన్ లాస్ రోజుకు 4.8 యూనిట్లు, కాపర్ లాస్ 4.6 యూనిట్లు, లైనులో లెక్కలోకి రానంత. మొత్తం తొమ్మిదిన్నర యూనిట్లు. ఇప్పుడున్న పద్ధతిలో ఎల్‌టీ లైనులోనే రోజుకు 43 యూనిట్లు పోతున్నాయి. 100 కేవీఏ సొంత నష్టం ఈ లోడుకు మరో ఏడెనిమిది యూనిట్లు. అది ఇతర మోటార్లకూ ఇస్తుంటే వాటి వాటా వేరు. ఎటు చూసినా 50కి ఎదురుగా 10 యూనిట్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000ల దశకంలో హెచ్‌వీడీఎస్ పేరుతో పంపుసెట్ల దాకా 11 కేవీ తీసుకెళ్లి 16, 25 కేవీఏ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టింది ఈ లెక్క మీదే. 11 కేవీ తీగ మీద కొక్కెం వేయడానికి ఎవరూ సాహసించరు, అది ఇంకో లాభం.

అదే లెక్కలో దీని హద్దూ కనిపిస్తుంది. మీ మోటార్లు ట్రాన్స్‌ఫార్మర్‌కి 150 మీటర్ల దూరంలోనే ఉంటే ఎల్‌టీ నష్టం రోజుకు ఆరున్నర యూనిట్లే. దాన్ని తప్పించడానికి 11 కేవీ ఇన్సులేటర్లు, లైనును విడదీసే ఏబీ స్విచ్, ఫ్యూజులు, రెండు కొత్త ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టడం దండగ. ఏడాదిలో రెండు నెలలే మోటార్లు నడిచే చోట కూడా ఆలోచించాల్సిందే. వానాకాలమంతా ఐరన్ లాస్ ఊరికే పోతుంది. సీజన్ అయిపోయాక ఏబీ స్విచ్ తీసి పెట్టించుకుంటే అది ఆగుతుంది. ఈ పని లైన్‌మన్‌తోనే చేయించండి, మీరు ముట్టుకోకండి.

పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు పనికిరాదో కూడా చెప్తాను. 100 కేవీఏ ఇంపీడెన్స్ 4.5 శాతం. పూర్తి లోడు పడితే లోపల తగ్గేది ఎక్కువలో ఎక్కువ 250లో 11 వోల్టులు. మీ ఆరు మోటార్లు దాని మీద వేసే లోడు 35 శాతమే, అంటే 4 వోల్టులు. 160 కేవీఏ పెడితే ఆ నాలుగు రెండున్నర అవుతాయి. తీగలో పోయే 45 అలాగే ఉంటాయి. ఇతర లోడు కలిసి 100 కేవీఏ నిజంగా మోయలేకపోతుంటే పెద్దది అవసరమే, కానీ అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్నవాళ్లకూ వోల్టేజ్ తగ్గుతుంది, నూనె బాగా వేడెక్కుతుంది, ఎల్‌టీ ఫ్యూజులు తరచూ పోతాయి.

ఒక్క మాట, పై లెక్కలో మోటారు కరెంటు 8 ఆంపియర్లే వేశాను. వోల్టేజ్ 355కి పడితే మోటారు టార్క్ దాదాపు మూడొంతులకు, అంటే 73 శాతానికి దిగుతుంది. పంపు అడిగే పవర్ మాత్రం అంతగా తగ్గదు. కాబట్టి మోటారు తొమ్మిది, తొమ్మిదిన్నర ఆంపియర్లు లాగుతుంది. కరెంటు పెరిగితే తీగలో డ్రాప్ ఇంకా పెరుగుతుంది. చివరి మోటార్ల వైండింగ్‌లే ముందు కాలడానికి కారణం ఇదే. రివైండింగ్ ఖర్చును కూడా ఈ లైను నష్టంలోనే కలిపి చూడాలి.

మీ కిలోమీటరు లైనుకు జరిగేదే పెద్ద లైన్లలోనూ జరుగుతుంది, అంకెలు మాత్రం పెరుగుతాయి. 500 మెగావాట్ల యూనిట్ జనరేటర్ సాధారణంగా 21 కేవీకి తయారుచేస్తుంది. అంతకన్నా బాగా ఎక్కువకి జనరేటర్ లోపలి ఇన్సులేషన్ కష్టం. ఆ పక్కనే ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 400 కేవీ చేస్తుంది. రామగుండం నుంచి హైదరాబాద్ అంత దూరం, సుమారు 200 కి.మీ. అనుకుందాం. ఫేజుకు రెండేసి మూస్ అనే లావు తీగలు వేస్తే ఫేజు రెసిస్టెన్స్ 5.6 ఓమ్‌లు. 400 కేవీలో 500 మెగావాట్లకు కరెంటు 722 ఆంపియర్లు, నష్టం 8.8 మెగావాట్లు, రెండు శాతం లోపే. అదే పవర్‌ని 21 కేవీలోనే పంపాలంటే 13,700 ఆంపియర్లు కావాలి. తీగ మీదే ఫేజుకు 77 కేవీ పడిపోవాలి. కానీ పంపే చోట ఫేజుకు ఉన్నదే 12 కేవీ! నష్టం ఎక్కువ అనే మాట ఇక్కడ సరిపోదు, అసలు ఆ పవర్ అవతలికి చేరడమే అసాధ్యం. ఆ తీగలో 21 కేవీతో చేర్చగలిగింది రెసిస్టెన్స్ ఒక్కదాన్నే లెక్కేసినా 20 మెగావాట్లు, అదీ అంతే పవర్ దారిలో పోయాక. ఇండక్టెన్స్ కలిపితే ఇంకా తక్కువ.

అలాగని వోల్టేజ్ ఎంతైనా పెంచుకుంటూ పోలేం. తీగ చుట్టూ ఉన్న గాలి మీద పడే విద్యుత్ ఒత్తిడి సెంటీమీటరుకు 30 కేవీ దగ్గరికి వస్తే గాలే తెగి కరెంటు జారడం మొదలవుతుంది, దీన్నే కరోనా అంటారు. వానలో పెద్ద లైన్ల కింద వినిపించే చిటపట ఆ కరోనాదే, అదీ నష్టమే. ఫేజుకు ఒకే తీగ బదులు 400 కేవీలో రెండు, 765 కేవీలో నాలుగో ఆరో పక్కపక్కన కట్టేది తీగ దగ్గర ఆ ఒత్తిడి తగ్గించడానికే. 2013 డిసెంబర్ 31న దక్షిణాది గ్రిడ్‌ను మిగతా దేశంతో కలిపిన రాయచూర్–షోలాపూర్ లైను ఈ 765 కేవీదే.

చివరగా మీ దగ్గర కొలిచి చూసుకోవలసినవి. స్టార్టర్ బోర్డు దగ్గర అలవాటున్న ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి, స్తంభం మీద, ట్రాన్స్‌ఫార్మర్ గద్దె దగ్గర లైన్‌మన్ మాత్రమే. మోటార్లన్నీ ఆపి మూడు ఫేజుల వోల్టేజ్ రాసుకోండి, తర్వాత అన్నీ నడుపుతూ రాసుకోండి. అదే సమయంలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కూడా లైన్‌మన్‌తో చూపించండి. మోటార్లు ఆపితే 420 పైన ఉండి, నడిపితే మీ దగ్గర మాత్రమే 350కి పడుతుంటే లోపం లైనుదే. మూడు ఫేజులూ సమానంగా తగ్గితే తీగ సన్నం, దూరం ఎక్కువ. ఒక్క ఫేజే ఎక్కువగా తగ్గితే దారిలో ఎక్కడో జంపర్ వదులైంది, లేదా జాయింటు కాలింది. దానికి 11 కేవీ అక్కర్లేదు, ఒక క్లాంప్ సరిపోతుంది. టాంగ్ టెస్టర్‌తో కరెంటు కొలిపించి అది సమానంగా ఉందో లేదో కూడా చూడండి.

న్యూట్రల్‌తో కొలిస్తే ఒక ఫేజు సరిగ్గా ఉండి మిగతా రెండూ దాదాపు సగం వోల్టేజ్ చూపిస్తే అది లైను డ్రాప్ కాదు. 11 కేవీ వైపు ఒక ఫ్యూజు పోయింది. డెల్టాలో ఒక తీగ తెగితే ఒక చుట్ట మీదే పూర్తి 11,000 పడుతుంది, మిగతా రెండు చుట్టలూ వరుసగా అదే వోల్టేజ్‌ని చెరిసగం పంచుకుంటాయి. అప్పుడు మోటారు ఆన్ చేయకండి, కాలుతుంది. ఎల్‌టీ ఫ్యూజు పోతే ఇలా ఉండదు, మోటార్లు ఆపి చూస్తే ఆ ఒక్క ఫేజే పోయి మిగతా రెండూ బాగుంటాయి.

11 కేవీ లైను మంజూరయ్యేలోగా ఒక పని మీ చేతిలో ఉంది. ఒక్కో 5 హెచ్‌పీ మోటారుకు 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెట్టించండి, మోటారుతో పాటే ఆన్, ఆఫ్ అయ్యేలా. పవర్ ఫ్యాక్టర్ 0.8 నుంచి 0.95 దాకా వస్తే లైనులో కరెంటు 48 నుంచి 40కి దిగుతుంది, తీగలో నష్టం 6.2 నుంచి 4.4 కిలోవాట్లకు. వోల్టేజ్ ఫేజుకు ఐదారు వోల్టులు కోలుకుంటుంది. ఆరింటికీ పెడితేనే ఈ ఫలితం, ఒకరిద్దరు పెడితే వాళ్ల మోటారుకు కూడా పెద్దగా తెలియదు. ఎందుకంటే డ్రాప్ అందరి కరెంటూ కలిసి తెచ్చేది.